ఆర్డర్ల లెక్క ఒకటి, బ్యాంకు లెక్క ఇంకొకటి

ప్రశ్న: మాది నారాయణపేట. మా మగ్గం మీద నేసినవి, చుట్టుపక్కల నేతోళ్ల దగ్గర తీసుకున్నవి కలిపి చీరలు మా సొంత వెబ్‌సైట్‌ల అమ్ముతున్నం. జీఎస్టీ నంబర్ ఉన్నది. ఎక్కువమంది ఆన్‌లైన్‌ల కడతరు, కొందరు పార్శిల్ చేతికొచ్చినంక పైసలిస్తరు. అక్టోబర్ ఆర్డర్ల లిస్టు కూడితే 1,76,400 రూపాయలు వచ్చింది. బ్యాంకుల పడ్డది 1,44,636 రూపాయల 84 పైసలే. ‘ఇండ్ల ఏది అమ్మకం, మిగిలింది ఏమైంది?’ అని మహబూబ్‌నగర్‌ల ఉన్న మా అకౌంటెంట్ సార్ అడుగుతున్నడు. ఫైళ్లన్నీ జతచేసిన. ఎట్ల చూపియ్యాలె?
— ఒక పాఠకురాలు

సమాధానం: ఆ రెండింట్లో ఏదీ మీ అమ్మకం కాదమ్మా. అక్టోబర్‌లో మీ నికర అమ్మకం 1,57,500 రూపాయలు. ఇందులో పన్ను 7,500 రూపాయలు. మీ ఫైళ్లు చూస్తే ఒక్క పైసా కూడా ఎక్కడా పోలేదు. ఆర్డర్ల లిస్టుకూ బ్యాంకు పాస్‌బుక్కుకూ మధ్య ఉండాల్సిన లెక్క ఇంకా రాయలేదు, అంతే. ఆ లెక్కనే మీ అంకెలతో ఇక్కడ వేసి చూపిస్తాం. వచ్చే నెల నుంచి మీరే వేసుకోవచ్చు.

ప్రతి చీరకూ మూడు తేదీలు ఉంటాయి: కొన్నవాళ్లు ఆర్డర్ పెట్టిన తేదీ, మీరు ఇన్‌వాయిస్ వేసి పంపిన తేదీ, డబ్బు మీ ఖాతాలో పడ్డ తేదీ. ఆర్డర్ల లిస్టు మొదటి తేదీని చూస్తుంది, బ్యాంకు మూడోదాన్ని చూస్తుంది. జీఎస్టీకి కావాల్సింది మధ్యలోది. సరుకుల విషయంలో ముందుగా అందిన డబ్బు మీద పన్ను కట్టాల్సిన పని 2017 నవంబర్ 15 నుంచి లేదు. అందువల్ల అక్టోబర్ 31న డబ్బు కట్టి, నవంబర్ 1న మీరు ఇన్‌వాయిస్ వేసి పంపిన చీర నవంబర్ అమ్మకమే అవుతుంది. నెల చివర వచ్చే గందరగోళంలో సగం ఈ ఒక్క మాట పట్టుకుంటే తీరిపోతుంది.

ముందు ఆర్డర్ల లిస్టు నుంచి ఇన్‌వాయిస్ మొత్తానికి వద్దాం. మీ లిస్టులోని 1,76,400లో డబ్బు కట్టడం మధ్యలో ఆగిపోయిన ఆర్డర్ ఒకటి ఉంది, 4,200 రూపాయలది. ఆమె తర్వాత మళ్లీ ప్రయత్నించి కొత్త ఆర్డర్ పెట్టింది కాబట్టి అదే చీర రెండుసార్లు లెక్కకు వచ్చింది. పంపకముందే రద్దయిన ఆర్డర్ ఒకటి, 2,100. దానికి ఇన్‌వాయిస్ వేయలేదు, అది అమ్మకం కాదు. అక్టోబర్ చివర డబ్బు వచ్చి నవంబర్‌లో పంపినవి 10,500. ఈ మూడూ తీసేయాలి. సెప్టెంబర్ చివర డబ్బు వచ్చి అక్టోబర్‌లో పంపినవి 8,400 ఉన్నాయి. అవి కలపాలి. అప్పుడు 1,68,000 వస్తుంది. ఇందులో ఆన్‌లైన్‌లో కట్టినవి 1,26,000, క్యాష్ ఆన్ డెలివరీవి 42,000. మీ ఇన్‌వాయిస్ రిజిస్టర్‌ను విడిగా కూడినా ఇదే రావాలి. వచ్చింది కూడా. ఇక్కడ కలవకపోతే ముందుకు వెళ్లకండి. ఈ తేడాను మోసుకుంటూ పోతే బ్యాంకు దగ్గర దాన్ని పట్టుకోవడం చాలా కష్టం.

ఇదే చోట తేదీలు మోసం చేస్తాయి. కొన్ని వెబ్‌సైట్ల నుంచి దించుకున్న ఫైలులో సమయం మన గడియారం ప్రకారం ఉండదు, ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. నవంబర్ 1 తెల్లవారుజామున 5 గంటలకు వచ్చిన ఆర్డర్ ఆ ఫైలులో అక్టోబర్ 31 రాత్రి 11:30 అని కనిపిస్తుంది. వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ కోల్‌కతా అని ఉందో లేదో ఒకసారి చూసుకోండి. ఇంకొకటి, ఎక్సెల్‌లో ఫైలు తెరిచినప్పుడు రోజు, నెల తారుమారు కావచ్చు. అక్టోబర్ 3 మార్చి 10గా మారిపోతుంది. నెలలో 12వ తేదీ వరకే ఇలా జరుగుతుంది, ఎందుకంటే 13వ నెల లేదు. 13 నుంచి ఉన్న తేదీలు మాత్రం గడిలో ఎడమ వైపుకు అంటుకుని ఉంటే తేదీలు చెడిపోయాయని అర్థం. ఫైలును నేరుగా తెరవకుండా ‘డేటా’ మెనూ నుంచి దించుకుని, తేదీ వరుసకు రోజు-నెల-సంవత్సరం అని చెబితే ఈ బాధ ఉండదు.

ఇక పన్ను. చీరకు జీఎస్టీ 5 శాతం. మీరు వెబ్‌సైట్‌లో పెట్టే ధర పన్నుతో కలిపినది. కాబట్టి ధరలో 5 శాతం తీయకూడదు, 105తో భాగించి 100తో గుణించాలి. 4,200 రూపాయల చీరలో అసలు విలువ 4,000, పన్ను 200. ధర మీద నేరుగా 5 శాతం వేస్తే 210 వస్తుంది, చీరకు పది రూపాయలు ఎక్కువ కట్టినట్టు. మీరు విడిగా వసూలు చేసే పార్శిల్ ఖర్చు కూడా చీరతో పాటే అమ్మిన విలువలో భాగం, దానికీ అదే శాతం. ఈ లెక్క నెల మొత్తం మీద ఒక్కసారి వేయకండి, ఇన్‌వాయిస్‌లో ఉన్న పన్ను అంకెలనే కూడండి. 1,999 రూపాయల చీరకు కేంద్రానికి వెళ్లే సీజీఎస్టీ, రాష్ట్రానికి వెళ్లే ఎస్‌జీఎస్టీ విడివిడిగా 47.60 చొప్పున మొత్తం 95.20 వస్తుంది. ఒకేసారి లెక్కేస్తే 95.19. నూరు చీరలకు ఆ పైసలు రూపాయి తేడా తెస్తాయి. ఆ రూపాయి కోసం ఎవరో ఒకరు ఒక పూట వెతుకుతారు.

పన్ను ఏ పేరున పడుతుందో పార్శిల్ చేరే రాష్ట్రం చెబుతుంది. తెలంగాణలో అయితే సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5. బయటి రాష్ట్రమైతే ఐజీఎస్టీ 5 శాతం. మీకు ఇది మరీ ముఖ్యం. నారాయణపేట నుంచి కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరంలో ఉంది, మీ ఆర్డర్లలో రాయచూరు, యాదగిరి చిరునామాలు కనిపిస్తున్నాయి. దూరం తక్కువైనా అవి బయటి రాష్ట్రమే. చిరునామాలో రాష్ట్రం పేరు ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు కాబట్టి పిన్‌కోడ్ చూసి రాష్ట్రం కోడ్ పెట్టుకోండి: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37, కర్ణాటక 29, మహారాష్ట్ర 27. తర్వాత రాష్ట్రాల వారీగా కూడటానికి ఈ సూత్రం చాలు. ఇందులో B ఇన్‌వాయిస్ తేదీ, D రాష్ట్రం కోడ్, F పన్ను లేని విలువ.

```
=SUMIFS(Invoices!$F:$F, Invoices!$D:$D, 29,
 Invoices!$B:$B, ">="&DATE(2025,10,1),
 Invoices!$B:$B, "<"&DATE(2025,11,1))
```

చివరి షరతు ‘అక్టోబర్ 31 వరకు’ అని కాకుండా ‘నవంబర్ 1 కంటే ముందు’ అని ఉండటానికి కారణం ఉంది. గడిలో తేదీతో పాటు సమయం కూడా ఉంటే, ‘31 వరకు’ అన్నప్పుడు 31న రోజంతా వేసిన ఇన్‌వాయిస్‌లన్నీ జారిపోతాయి. నెలాఖరు రోజు అమ్మకం సున్నా అని కనిపిస్తే ముందు దీన్నే అనుమానించండి.

మీ 1,68,000లో తెలంగాణవి 63,000. పన్ను లేని విలువ 60,000, సీజీఎస్టీ 1,500, ఎస్‌జీఎస్టీ 1,500. బయటి రాష్ట్రాలవి 1,05,000. విలువ లక్ష, ఐజీఎస్టీ 5,000. ఇందులోంచి వెనక్కి వచ్చినవి తీసేయాలి. కర్ణాటక నుంచి వాపసు వచ్చిన 4,200 చీర ఒకటి, దానికి డబ్బు తిరిగిచ్చారు. క్యాష్ ఆన్ డెలివరీలో తీసుకోకుండా తిప్పి పంపినవి రెండు: తెలంగాణలో 2,100ది, ఆంధ్రప్రదేశ్‌లో 4,200ది. ఈ మూడింటికీ క్రెడిట్ నోట్లు, అంటే వేసిన ఇన్‌వాయిస్ మొత్తాన్ని తగ్గించే చీటీలు, వేయాలి. మీరు మొదటిదానికే వేశారు. తిప్పి పంపిన పార్శిళ్లకు డబ్బే రాలేదు కదా అని వదిలేశారు. కానీ వాటికి ఇన్‌వాయిస్ వేశారు కాబట్టి, క్రెడిట్ నోట్ లేకపోతే రాని డబ్బుకు 300 రూపాయల పన్ను కడతారు. అవి అక్టోబర్‌లోనే మీ చేతికి తిరిగొచ్చాయి, నోట్లు కూడా అక్టోబర్‌లోనే పడాలి. అకౌంటెంట్ గారితో ఈరోజే మాట్లాడండి. ఈ నోట్ల తర్వాత తెలంగాణ విలువ 58,000, బయటి రాష్ట్రాలది 92,000. పన్ను సీజీఎస్టీ 1,450, ఎస్‌జీఎస్టీ 1,450, ఐజీఎస్టీ 4,600.

రాష్ట్రాల వారీ పట్టీలో ఒక జాగ్రత్త. జీఎస్టీ నంబర్ ఇచ్చి కొన్న దుకాణదారులు ఉంటే వాళ్ల ఇన్‌వాయిస్‌లు ఇందులో కలపకండి, ఒక్కొక్కటిగా వేరే షీటులో ఇవ్వండి. అమ్మకాలు చూపే రిటర్న్ జీఎస్టీఆర్-1లో అవి ఇన్‌వాయిస్ వారీగా వెళ్లాలి. అక్టోబర్‌లో మీకు అలాంటివి లేవు.

ఇప్పుడు బ్యాంకు. ఆన్‌లైన్ డబ్బు మీకు ఆర్డర్ ఆర్డర్‌గా పడదు. కొన్నవాళ్ల దగ్గర మీ తరఫున ఆన్‌లైన్‌లో వసూలు చేసే పేమెంట్ గేట్‌వే రోజుకొక మూటగా, సాధారణంగా రెండు పనిదినాల తర్వాత వేస్తుంది. వేసేముందు తన ఫీజు, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, అప్పటి రిఫండ్లు పట్టుకుంటుంది. అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్‌ను ఆర్డర్ల లిస్టుతో నేరుగా పోల్చి చూస్తే ఎన్ని గంటలు కూర్చున్నా కలవదు. మధ్యలో గేట్‌వే ఇచ్చే సెటిల్‌మెంట్ రిపోర్ట్ ఉండాలి. అందులో ప్రతి చెల్లింపుకూ ఫీజు, పన్ను, నికరం, అది ఏ మూటలో వెళ్లిందో తెలిపే యూటీఆర్ నంబర్ ఉంటాయి. అదే యూటీఆర్ బ్యాంకు స్టేట్‌మెంట్ వివరాల్లో కూడా ఉంటుంది. బ్యాంకులో పడ్డ ప్రతి మూటకు ఎదురుగా రిపోర్టులోని నికరాలు కూడి, తేడా సున్నా రావాలి:

```
=ROUND(SUMPRODUCT(--(Settle!$H:$H=A2), Settle!$G:$G) - C2, 2)
```

A యూటీఆర్, C బ్యాంకులో పడ్డ మొత్తం, G రిపోర్టులోని నికరం (రిఫండ్లు మైనస్‌గా ఉండాలి), H రిపోర్టులోని యూటీఆర్. ఈ నంబర్ల వరుసను రెండు షీట్లలోనూ ఫైలు దించుకునేటప్పుడే టెక్స్ట్‌గా పెట్టండి. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుపెట్టుకోదు, పొడవైన నంబర్ చివర సున్నాలు పెట్టేస్తుంది. ఒకసారి అలా సేవ్ చేస్తే అసలు నంబర్ తిరిగి రాదు.

మీ ఇన్‌వాయిస్‌లలో ఆన్‌లైన్‌వి 1,26,000 అనుకున్నాం. అక్టోబర్‌లో గేట్‌వే వసూలు చేసింది మాత్రం 1,30,200. సెప్టెంబర్‌లోనే కట్టిన 8,400 తీసి, నవంబర్‌లో పంపిన 10,500, రద్దయిన 2,100 కలిపితే ఆ అంకె వస్తుంది. అక్కడి నుంచి బ్యాంకు దాకా ఇలా:

అక్టోబర్‌లో వసూలైనది: 1,30,200.00
తీసివేత, రిఫండ్లు (వాపసు 4,200, రద్దు 2,100): 6,300.00
తీసివేత, గేట్‌వే ఫీజు 2 శాతం: 2,604.00
తీసివేత, ఫీజు మీద జీఎస్టీ 18 శాతం: 468.72
కలపాల్సినది, సెప్టెంబర్ చివర వసూలై అక్టోబర్‌లో పడ్డది: 14,353.08
తీసివేత, అక్టోబర్ చివర వసూలై నవంబర్‌లో పడ్డది: 16,403.52
బ్యాంకులో పడాల్సినది: 1,18,776.84

మీ స్టేట్‌మెంట్‌లో గేట్‌వే పేరున పడ్డ మూటలన్నీ కూడితే సరిగ్గా ఇదే ఉంది. ఫీజు రిఫండ్లు పోగా మిగిలిన దాని మీద కాకుండా మొత్తం వసూలు మీద పడిందని గమనించండి. రద్దయిన 2,100కు కూడా 49 రూపాయల 56 పైసలు పోయాయి, తిరిగి రాలేదు.

క్యాష్ ఆన్ డెలివరీ డబ్బు కొరియర్ చేతుల మీదుగా వస్తుంది. దానికి ప్రతి పార్శిల్‌కూ కొరియర్ ఇచ్చే ఏడబ్ల్యూబీ నంబరే ఆధారం. అక్టోబర్ ఇన్‌వాయిస్‌లు 42,000. తిప్పి పంపినవి 6,300 పోయాయి. నెలాఖరుకు దారిలో ఉన్నవి, లేదా కొరియర్ వసూలు చేసి ఇంకా వేయనివి 11,550. సెప్టెంబర్‌వి అక్టోబర్‌లో ఇచ్చింది 5,250. అంటే కొరియర్ లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 29,400. అందులో కిరాయి 3,000, దాని మీద జీఎస్టీ 540 పట్టుకుని 25,860 వేశారు. తిప్పి పంపిన రెండు పార్శిళ్లకు రానుపోను కిరాయి ఇందులోనే ఉంది. 1,18,776.84కు 25,860 కలిపితే 1,44,636.84. మీరు చెప్పిన అంకె అదే.

దారిలో ఉన్న ఆ 11,550ను ఏడబ్ల్యూబీ నంబర్ల వారీగా రాసి పెట్టుకోండి. కొరియర్ ఒక పార్శిల్ డబ్బు మరిచిపోతే మొత్తం చూస్తే తెలియదు, ఈ లిస్టులో రెండో నెల కూడా మిగిలిపోయిన వరుస చూస్తే తెలుస్తుంది.

చాలామంది బ్యాంకులో పడ్డదే అమ్మకం అని పెట్టేస్తారు. మీ లెక్కలో అలా చేస్తే పన్ను 6,887.47 వస్తుంది, కట్టాల్సిన దానికంటే 612.53 తక్కువ. రెండో నష్టం కూడా ఉంది. గేట్‌వే ఫీజు మీద 468.72, కొరియర్ మీద 540 మీరు ఇప్పటికే కట్టిన జీఎస్టీ. వాటి బిల్లుల మీద మీ జీఎస్టీ నంబర్ ఉండి, మీకు బిల్లు వేసినవాళ్లు చూపిన పన్ను కనిపించే పట్టీ జీఎస్టీఆర్-2బీలో ఉంటే ఆ 1,008.72ను మీ పన్నులోంచి తగ్గించుకోవచ్చు. ఖర్చును అమ్మకంలోనే మాయం చేస్తే ఆ హక్కు ఎక్కడా కనిపించదు. గేట్‌వే, కొరియర్ ఖాతాల్లో మీ జీఎస్టీ నంబర్ నమోదై ఉందో లేదో ఇప్పుడే చూడండి.

వచ్చే నెల ఎక్కడో తేడా వస్తే, ఆ తేడా అంకే చాలావరకు చోటు చెబుతుంది. ఒక చీర ధరతో సరిగ్గా సమానమైతే ఒక ఆర్డర్ జారింది, లేదా రెండుసార్లు పడింది. రిఫండ్ మొత్తానికి సరిగ్గా రెట్టింపు అయితే రిఫండ్‌ను తీసేయకుండా కలిపారు. మీ విషయంలో అది 12,600 అయ్యేది. 9తో నిశ్శేషంగా భాగం పోతే చేత్తో ఎక్కించిన చోట రెండు అంకెలు తారుమారై ఉండొచ్చు, 2,540 బదులు 2,450 అన్నట్టు. తేడా ఏమీ చెప్పకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో గేట్‌వే, కొరియర్ కాకుండా ఇంకెవరి పేరునైనా పడ్డవి చూడండి. తెలిసినవాళ్లు నేరుగా మీ నంబర్‌కు యూపీఐ చేసి చీర తీసుకుంటే అది ఈ రెండు దారుల్లోనూ రాదు. దానికీ ఇన్‌వాయిస్ వేసి మూడో దారిగా రాయాలి. ఇంటి ఖర్చుల డబ్బు అదే ఖాతాలో తిరిగితే ఈ పని రెట్టింపు అవుతుంది. అమ్మకాలకు వేరే ఖాతా పెట్టుకోమనే మేము చెబుతాం.

అకౌంటెంట్ గారికి పంపే ఫైలులో మొదటి షీటు రాష్ట్రాల వారీ పట్టీ, రెండోది క్రెడిట్ నోట్లు, మూడోది ఆర్డర్ల నుంచి బ్యాంకు దాకా పైన వేసిన లెక్క. వెనుక మీరు దించుకున్న అసలు ఫైళ్లను ఏ వరుసా చెరపకుండా పెట్టండి. ఆయన ఎక్కడైనా ఆగితే మిమ్మల్ని అడగకుండానే చూసుకోగలగాలి. జీఎస్టీఆర్-1 నెలనెలా వేసేవాళ్లకు మరుసటి నెల 11, పన్ను కట్టే రిటర్న్ జీఎస్టీఆర్-3బీకి 20 గడువు కాబట్టి 5వ తేదీ కల్లా ఆయన చేతిలో ఉంటే బాగుంటుంది. చివరి మూటలు మొదటి మూడు నాలుగు రోజుల్లో పడతాయి, వాటి యూటీఆర్‌లు చూశాకే 16,403.52 నిజంగా వచ్చిందని రాయగలరు.

నవంబర్ షీటు తెరవగానే ముందు మూడు అంకెలు ఎక్కించండి: డబ్బు వచ్చి ఇన్‌వాయిస్ పడని 10,500, గేట్‌వే దగ్గర ఉన్న 16,403.52, కొరియర్ దగ్గర ఉన్న 11,550. అక్టోబర్‌లో తీసివేసిన ఈ మూడూ నవంబర్‌లో కలిపే వైపుకు వస్తాయి. ఒక్క 10,500 మాత్రం గేట్‌వే లెక్కలో కలపకుండా ఇన్‌వాయిస్ లెక్కలో కలపాలి, దాని డబ్బు అక్టోబర్ వసూలులోనే ఉంది కనుక.